జీవిత భాగస్వామితో విదేశాలకు వెళ్తున్న అకౌంటెంట్ రాజీనామా లేఖ, నెల రోజుల హ్యాండోవర్: తరచుగా అడిగే ప్రశ్నలు

భర్తకో భార్యకో విదేశంలో ఉద్యోగం వచ్చి, వాళ్లతో పాటు వెళ్లడానికి ఇక్కడి అకౌంట్స్ ఉద్యోగం వదిలేసేవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. అన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుంటాను. హైదరాబాద్ బాలానగర్‌లో యంత్రాల విడిభాగాలు తయారు చేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. నలభై మంది దాకా సిబ్బంది. అందులో ఆరేళ్లు దాటి పనిచేసిన సీనియర్ అకౌంటెంట్. భర్తకు అమెరికాలో ఉద్యోగం, ఆమెకు హెచ్-4 డిపెండెంట్ వీసా. ప్రయాణం అక్టోబరు మొదటి వారంలో. ఉదాహరణ నేను అల్లినదే అయినా ఇలాంటి ఆఫీసులు, ఇలాంటి హ్యాండోవర్లు అకౌంట్స్‌లో ఉన్నవాళ్లందరికీ తెలిసినవే.

వీసా వచ్చాక రాజీనామా ఇవ్వాలా, ముందే ఇవ్వొచ్చా?

పాస్‌పోర్టు మీద స్టాంపింగ్ అయ్యి అది మీ చేతికి వచ్చాకే ఇవ్వండి. ఇంటర్వ్యూ బాగా జరిగిందన్న ధైర్యంతోనో, టికెట్ తక్కువకి వస్తోందనో ముందే ఇచ్చేస్తే, వీసా నెల ఆలస్యమైతే మధ్యలో చిక్కుకుపోతారు. ఆ సరికి కంపెనీ కొత్త మనిషికి ఆఫర్ ఇచ్చేసి ఉంటుంది. ప్రైవేటు కంపెనీలో ఒకసారి ఒప్పుకున్న రాజీనామాను వెనక్కి తీసుకోవాలంటే చాలావరకు యజమాని దయ మీదే ఆధారపడాలి.

స్టాంపింగ్ కాకముందే ఆఫీసులో ఎవరికైనా చెప్పాలా అంటే, నా అభిప్రాయం చెప్పొద్దనే. జీతాలు వేసే మనిషి వెళ్లిపోతోందన్న మాట ఒక్క రోజులో షాప్ ఫ్లోర్ దాకా పాకుతుంది.

నెల రోజులు ఇస్తానంటున్నాను కదా, ఏ తేదీన మొదలుపెట్టినా ఒకటేనా?

ఒకటి కాదు. అకౌంటెంట్ రాజీనామాలో అన్నిటికన్నా ముందు ఆలోచించాల్సింది ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. మిగతా ఉద్యోగాల్లో నెలంటే ముప్ఫై రోజులు. మన పనిలో నెలంటే ఒక పూర్తి చుట్టు. నెలాఖరు ముగింపు, తర్వాతి నెల 7న టీడీఎస్ కట్టడం, 11న జీఎస్టీఆర్-1, 14న పోర్టల్‌లో వచ్చే 2బి స్టేట్‌మెంట్‌తో మన కొనుగోళ్లు సరిచూసుకోవడం, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న జీఎస్టీఆర్-3బి. ఈ చుట్టు మొత్తం మీ పక్కన కూర్చుని ఒక్కసారి చేసిన మనిషి రెండోసారి తనంతట తాను చేయగలుగుతుంది. సగం చూసిన మనిషి మీరు విమానం దిగేసరికే ఫోన్ చేస్తుంది.

అందుకే మా ఉదాహరణలో ఆమె లేఖ ఆగస్టు 22న ఇచ్చింది. చివరి పనిదినం సెప్టెంబరు 22. జులై నెల 3బి ఆగస్టు 20నే అయిపోయింది, అంటే పాత పని ఏదీ పెండింగ్‌లో లేదు. మొదటి త్రైమాసికం టీడీఎస్ రిటర్న్ కూడా జులై 31కే వెళ్లిపోయింది. ఆగస్టు నెలాఖరు, దాని గడువులన్నీ, సెప్టెంబరు 15 అడ్వాన్స్ ట్యాక్స్‌తో సహా, ఈ నెలలోపలే పడతాయి. 3బి వేశాక మిగిలిన రెండు రోజులు సంతకాలకు, లెక్కలు అప్పగించడానికి.

ఇదే లేఖ సెప్టెంబరు 5న ఇచ్చి అక్టోబరు 5న వెళ్లిపోతే ఏమవుతుందో చూడండి. పేరుకి అదీ నెలే. కానీ కొత్త మనిషి వెతికి పట్టుకునేసరికి 15 వస్తుంది, టీడీఎస్, జీఎస్టీఆర్-1 మీరొక్కరే చేసేసి ఉంటారు. సెప్టెంబరు నెల గడువులన్నీ మీరు వెళ్లాక మొదలవుతాయి. ఆమె చూసేది ఒక్క 3బి మాత్రమే.

మీ కంపెనీ జీఎస్టీలో త్రైమాసిక పద్ధతిలో ఉంటే 3బి గడువు మన రెండు రాష్ట్రాల్లోనూ త్రైమాసికం తర్వాతి నెల 22. అప్పుడు చివరి రోజును 22 దాటేలా చూసుకోండి.

సెప్టెంబరు 30న ట్యాక్స్ ఆడిట్ ఉంది. మధ్యలో వదిలి వెళ్తున్నానంటారేమో?

అంటారు. అందుకే ఆ మాట వాళ్లు ఎత్తకముందే మీ లేఖలో ఉండాలి. ఆడిట్ సంతకం మీది కాదు, సీఏ గారిది. ఆయనకు మీరు ఇవ్వాల్సినవి షెడ్యూళ్లు: ఆస్తుల జాబితా, రుణదాతల, బాకీదారుల నిర్ధారణ పత్రాలు, గడువు దాటి కట్టిన పీఎఫ్ ఉంటే ఆ వివరాలు, నగదు చెల్లింపుల వివరాలు. ఇవన్నీ సెప్టెంబరు 12కల్లా ఆడిటర్ చేతిలో ఉంటాయని తేదీ వేసి రాయండి. ఆ ఒక్క వాక్యంతో సగం వాదన అక్కడే ఆగిపోతుంది. తర్వాత ఆడిటర్ అడిగే ప్రశ్నలకు 22 దాకా మీరు ఆఫీసులోనే ఉంటారు.

లేఖ ఎలా ఉండాలి? నమూనా ఇస్తారా?

చాలా కంపెనీల్లో ఇంగ్లిష్‌లోనే రాస్తారు. మీ ఆఫీసు ఉత్తరప్రత్యుత్తరాలు ఏ భాషలో ఉంటే అందులోనే రాయండి, వరుస మాత్రం ఇలా ఉంటే చాలు:

తేదీ: ఆగస్టు 22
మేనేజింగ్ డైరెక్టర్ గారికి

విషయం: సీనియర్ అకౌంటెంట్ ఉద్యోగానికి రాజీనామా, చివరి పనిదినం సెప్టెంబరు 22

అయ్యా,

నా భర్త ఉద్యోగరీత్యా మా కుటుంబం విదేశాలకు వెళ్తున్నందున సీనియర్ అకౌంటెంట్ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. దయచేసి ఈ లేఖను నెల రోజుల నోటీసుగా స్వీకరించగలరు. నా చివరి పనిదినం సెప్టెంబరు 22, సోమవారం.

ఈ నెల రోజుల్లో ఆగస్టు నెల ముగింపు, సెప్టెంబరు 20 వరకు ఉన్న జీఎస్టీ, టీడీఎస్, పీఎఫ్, ఈఎస్ఐ పనులన్నీ నేనే పూర్తి చేస్తాను. ట్యాక్స్ ఆడిట్‌కు కావాల్సిన షెడ్యూళ్లు సెప్టెంబరు 12 నాటికి ఆడిటర్ గారికి అందజేస్తాను. మీరు నియమించే వ్యక్తికి పని అప్పగిస్తాను. సెప్టెంబరు 1 నాటికి ఎవరూ రాకపోతే, మీరు సూచించిన సిబ్బందికి నేర్పిస్తాను. రాతపూర్వకమైన హ్యాండోవర్ నోట్ ఇస్తాను.

నా పేరు మీద, నా ఫోన్ నంబరు మీద ఉన్న కంపెనీ లాగిన్‌లన్నీ చివరి రోజులోపు మార్పించవలసిందిగా కోరుతున్నాను.

రాజీనామా స్వీకరించినట్లు, చివరి పనిదినాన్ని నిర్ధారిస్తూ రాతపూర్వకంగా తెలియజేయగలరు. ఇక్కడ పని నేర్చుకునే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు.

ఇట్లు,
(సంతకం, పేరు, ఉద్యోగి నంబరు)

వారం పేరు మీ సంవత్సరానికి సరిపోయేలా మార్చుకోండి. అంతకు మించి లేఖలో ఏమీ అక్కర్లేదు. జీతం పెంచలేదన్న కోపం, ఆరేళ్ల కష్టం, ఎవరి వల్ల ఇబ్బంది పడ్డారో, ఇవేవీ ఇందులోకి రాకూడదు. ఈ కాగితం మీ ఫైల్‌లో ఉండిపోతుంది. రేపు అమెరికాలో ఏ కంపెనీ అయినా ఇక్కడికి ఫోన్ చేసి అడిగితే, ఆ ఫైల్ తీసేది మీకు ముఖ పరిచయం కూడా లేని ఎవరో కావచ్చు.

ఏ దేశం, ఏ వీసా, భర్త ఏ కంపెనీ అన్నీ రాయాలా?

అక్కర్లేదు. "భర్త ఉద్యోగరీత్యా విదేశాలకు" అంటే సరిపోతుంది. కారణం రాయడం వల్ల ఒక మేలు మాత్రం ఉంది. పోటీ కంపెనీకి వెళ్తున్నారన్న అనుమానం పోతుంది. అకౌంటెంట్ చేతిలో కస్టమర్ల రేట్లు, సప్లయర్ల డిస్కౌంట్లు ఉంటాయి కాబట్టి యజమానికి ముందు వచ్చే భయం అదే.

ముందు లేఖ ఇవ్వాలా, ముందు సార్‌తో మాట్లాడాలా?

మాట్లాడి, అదే రోజు ఇవ్వండి. ఎండీ గారి గదిలోకి వెళ్లి, కూర్చుని, "సార్, మా వారికి అక్కడ ఉద్యోగం ఖాయమైంది, నేను కూడా వెళ్లాలి, సెప్టెంబరు 22 దాకా ఉండి అంతా అప్పజెప్పి వెళ్తాను" అని తేదీతో సహా చెప్పండి. తేదీ లేకుండా "వెళ్లిపోదామనుకుంటున్నాను సార్" అంటే అది బేరానికి పిలిచినట్టు ఉంటుంది. లేఖ చేతికిచ్చాక అదే రోజు మెయిల్ కూడా పంపండి. లేఖ తీసుకోకుండా "చూద్దాంలేమ్మా" అని పక్కన పెట్టేస్తే, మీ నోటీసు ఏ రోజు మొదలైందో చెప్పడానికి ఆ మెయిలే సాక్ష్యం. హెచ్‌ఆర్‌కి కాపీ పెట్టండి.

అపాయింట్‌మెంట్ లెటర్‌లో రెండు నెలల నోటీసు అని ఉంది. నేను నెలే ఇవ్వగలను.

ముందు ఆ లెటర్ తీసి నోటీసు పేరా పూర్తిగా చదవండి. చాలావాటిలో "లేదా దానికి బదులు జీతం" అని ఉంటుంది. అంటే మిగిలిన నెలకు జీతం కట్టి వెళ్లొచ్చు. ఎక్కువసార్లు అది బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా అన్న దగ్గర పేచీ వస్తుంది, కాబట్టి ఆ మాట కూడా చూసుకోండి. మిగిలి ఉన్న లీవులు సర్దుబాటు చేయమని అడగొచ్చు.

అడగాల్సింది లేఖలోనే అడగండి: "నియామక పత్రం ప్రకారం రెండు నెలలు ఉండగా, ప్రయాణ తేదీ దృష్ట్యా నెలకు కుదించవలసిందిగా కోరుతున్నాను" అని ఒక వాక్యం. పూర్తి చుట్టు అప్పగిస్తున్నారని కళ్ల ముందు కనిపిస్తే చాలామంది యజమానులు ఒప్పుకుంటారు. మిమ్మల్ని బలవంతంగా కూర్చోబెట్టి పని చేయించే హక్కు ఎవరికీ లేదు. వాళ్లు అడగగలిగేది డబ్బు మాత్రమే.

నోటీసు బదులు పట్టుకున్న జీతం మీద జీఎస్టీ వేయాలా అని కంపెనీలో ఎవరైనా అడిగితే, వేయక్కర్లేదు. 2022 ఆగస్టులో పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 178 నంబరు సర్క్యులర్ ఈ సంగతి తేల్చేసింది.

నెల అయిపోవస్తున్నా కొత్త మనిషిని పెట్టకపోతే?

ఇది చాలా మామూలుగా జరుగుతుంది. మీరు ఉన్నన్నాళ్లు పని నడుస్తుంది కాబట్టి తొందర ఎవరికీ ఉండదు. అందుకే లేఖలో సెప్టెంబరు 1 అన్న తేదీ పెట్టాం. ఆ రోజుకి ఎవరూ రాకపోతే మర్నాడే మర్యాదగా గుర్తుచేస్తూ మెయిల్ పెట్టి, స్టోర్స్ చూసే అబ్బాయినో, బిల్లింగ్ అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లకి బ్యాలెన్స్ షీట్ రాకపోవచ్చు. కానీ చలాన్ ఎక్కడ తీయాలి, ఏ ఫోల్డర్‌లో పెట్టాలి అన్నది వస్తుంది. వాళ్లూ లేకపోతే సీఏ గారి ఆఫీసులో మీ కంపెనీ ఫైల్ చూసే అసిస్టెంట్‌కి అప్పగించండి.

చివరి తేదీని మాత్రం నోటిమాట మీద పొడిగించకండి. పొడిగించక తప్పదనుకుంటే కొత్త తేదీ రాసి మెయిల్ తీసుకోండి.

హ్యాండోవర్ నోట్‌లో ఏం ఉండాలి?

మీరు చేసే పనుల పట్టిక కాదు, మీకు మాత్రమే తెలిసిన సంగతులు ఉండాలి. 3బి ఎలా వేయాలో కొత్త అకౌంటెంట్‌కి తెలుసు. ఫలానా సప్లయర్ ఎప్పుడూ రిటర్న్ ఆలస్యంగా వేస్తాడు, అతని బిల్లులు 2బిలో వచ్చే నెల కనిపిస్తాయి, అప్పటిదాకా క్రెడిట్ తీసుకోకూడదు అన్నది మీకే తెలుసు. అద్దె మీద టీడీఎస్ ఏ పాన్‌తో వేస్తున్నారో, ఇంటి ఓనరు గారు పోయాక వాళ్లబ్బాయి పేరు మీదకు ఎప్పుడు మార్చారో కూడా మీకే తెలుసు.

అన్నిటికన్నా ముఖ్యం సస్పెన్స్ ఖాతా. మా ఉదాహరణలో అందులో 1,84,500 రూపాయలు ఉన్నాయనుకుందాం. నోట్‌లో "సస్పెన్స్ 1,84,500" అని రాసి వదిలేస్తే, మీరు వెళ్లిన వారానికి అది మీ మీద అనుమానంగా మారుతుంది. విడగొట్టి రాయండి. మే నెలలో ఒక కస్టమర్ నుంచి వచ్చి ఏ బిల్లుకో చెప్పని 1,20,000. డైరెక్టర్ గారి కారు రిపేరుకి కంపెనీ ఖాతా నుంచి వెళ్లిన 46,500, ఆయన ఖాతాకి రాయాలా ఖర్చుకి రాయాలా అని అడిగితే జవాబు రాలేదు. బ్యాంకు పొరపాటున కోసుకున్న 18,000, తిరిగి వేయమని పంపిన మెయిల్ తేదీ. మూడూ కలిపితే సరిగ్గా 1,84,500. అలా పైసాతో సహా సరిపోయిన రోజున ఆ సంఖ్య గురించి మిమ్మల్ని ఎవరూ ఫోన్ చేసి అడగరు.

చివరి రోజు నాటికి బ్యాంకు రీకన్సిలియేషన్ తీసి సంతకం పెట్టండి. పెట్టెలో ఉన్న నగదును కొత్త మనిషి ముందు నోట్ల వారీగా లెక్కపెట్టి, ఇద్దరూ కాగితం మీద సంతకం చేయండి. చెక్కు బుక్కుల్లో మిగిలిన చెక్కుల నంబర్లు రాయండి. చాలా చిన్న కంపెనీల్లో ఎండీ గారు ఊరెళ్తూ కొన్ని చెక్కుల మీద సంతకం పెట్టి అకౌంటెంట్ దగ్గర ఉంచుతారు. అవి ఏమైనా మీ దగ్గర ఉంటే నంబర్లతో సహా ఆయన చేతికే ఇచ్చి, అందినట్టు రాయించుకోండి. కొత్త మనిషికి ఇవ్వకండి.

ఓటీపీలు నా ఫోన్‌కే వస్తాయి. ఏం చేయాలి?

దీనికి నెలలో మొదటి వారమే కూర్చోండి, చివరి వారానికి వదలకండి. రిజిస్ట్రేషన్ చేసిన రోజున ఎవరు పక్కన ఉంటే వాళ్ల నంబరు, వాళ్ల మెయిల్ ఇచ్చేసి ఉంటారు. చాలాసార్లు అది అకౌంటెంట్‌దే. జీఎస్టీ పోర్టల్, ఆదాయ పన్ను పోర్టల్, టీడీఎస్ కోసం ట్రేసెస్, పీఎఫ్ యజమాని లాగిన్, ఈఎస్ఐ, ఈ-వే బిల్లు, బ్యాంకు. ఒక్కోటి తెరిచి ఎవరి నంబరు ఉందో చూసి రాసుకోండి.

జీఎస్టీలో అధీకృత సంతకందారు నంబరు, మెయిల్ మార్చడం నాన్-కోర్ సవరణ కిందకి వస్తుంది, అధికారి ఆమోదం కోసం ఆగక్కర్లేదు. కొత్త నంబరుకి ఓటీపీ వస్తుంది, సంతకం చేయాల్సిన డైరెక్టర్ గారు మాత్రం అందుబాటులో ఉండాలి. ఆ పని ఆయన ఊళ్లో ఉన్న రోజు చూసి పెట్టుకోండి. మార్చాక ఒకసారి లాగవుట్ అయ్యి, కొత్త నంబరుతో లోపలికి వెళ్లి చూడండి. అప్పుడే అయినట్టు.

డైరెక్టర్ గారి డిజిటల్ సంతకం ఉన్న యూఎస్‌బీ టోకెన్ మీ డ్రాయర్‌లో ఉంటే అది ఆయన సంతకమే మీ డ్రాయర్‌లో ఉన్నట్టు. ఆయన చేతికిచ్చి రసీదు తీసుకోండి. పాస్‌వర్డ్‌లు హ్యాండోవర్ నోట్‌లో రాయకండి. విడిగా ఎండీ గారికి ఇచ్చి, మీ ముందే మార్పించండి.

టాలీలో మీ యూజర్ ఐడీని చివరి సాయంత్రం తీసేయించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు ఎడిట్ లాగ్ ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలి, ఎంట్రీ ఎవరు వేశారో, ఎవరు మార్చారో అందులో నిలిచిపోతుంది. మీరు వెళ్లాక కూడా మీ ఐడీతో ఎవరో పని చేసుకుంటూ పోతే రికార్డులో కనిపించేది మీ పేరే.

"అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో చేసిపెట్టమ్మా, జీతం ఇక్కడే వేస్తాం" అంటే ఒప్పుకోవచ్చా?

హెచ్-4 మీద వెళ్తుంటే ఒప్పుకోకండి. ఆ వీసా మీద పని అనుమతి పత్రం వేరుగా వస్తేనే పని చేయాలి. అది భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశకు చేరిన కొందరికే దొరుకుతుంది. జీతం ఇండియాలో పడినా పని చేసేది అమెరికా గడ్డ మీద కూర్చుని, కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్లు దీన్ని వద్దనే చెబుతారు. అభిమానంతో అడిగే మాట కాబట్టి కాదనడం కష్టంగానే ఉంటుంది. "వీసా ఒప్పుకోదు సార్" అనండి, అది నిజం కూడా. ఫలానా ఫైల్ ఎక్కడుంది అని ఒకటి రెండు సార్లు వాట్సాప్‌లో అడిగితే చెప్పడం వేరు, ప్రతి నెలా 3బి వేయడం వేరు.

గ్రాట్యుటీ, పీఎఫ్ సంగతేంటి?

ఐదేళ్లు నిండితే రాజీనామా చేసినా గ్రాట్యుటీ వస్తుంది. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26,000 అనుకుంటే, దాన్ని 26తో భాగించి 15తో, ఆపై పూర్తయిన సంవత్సరాలతో గుణించాలి. ఆరేళ్ల నాలుగు నెలల సర్వీసుకి ఆరేళ్లుగా లెక్క: 90,000 రూపాయలు. ఆరు నెలలు దాటి ఉంటే ఏడేళ్లుగా తీసుకుంటారు. మీ లెక్క మీరే వేసి దరఖాస్తుతో ఇవ్వండి.

పీఎఫ్‌లో కంపెనీ మీ నిష్క్రమణ తేదీ నమోదు చేసిందో లేదో చూసుకోండి. అది లేకపోతే క్లెయిమ్ కదలదు. వాళ్లు మరిచిపోతే రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు, కానీ దానికి ఆధార్‌కి లింకైన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. అందుకని ఆ సిమ్‌ని రోమింగ్‌లో బతికించి ఉంచండి. విదేశంలో స్థిరపడేవాళ్లు ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాలి. బ్యాంకుకు వెళ్లినప్పుడు ఖాతా నంబరు మారుతుందా అని అడిగి, మారితే కంపెనీకి, పీఎఫ్ పోర్టల్‌కి కొత్త నంబరు ఇవ్వండి.

వెళ్లేముందు కంపెనీ నుంచి ఏ కాగితాలు తీసుకోవాలి?

రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల పే స్లిప్పులు, నో డ్యూస్ మామూలే. ఎక్స్‌పీరియన్స్ లెటర్ దగ్గర ఆగండి. "మా దగ్గర ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేశారు, ప్రవర్తన సంతృప్తికరం" అన్న రెండు లైన్ల కాగితం ఇక్కడ చెల్లుతుంది గానీ అక్కడ పెద్దగా పనికిరాదు. రేపు కెనడా వలసకు దరఖాస్తు పెట్టినా, మరో చోట ఉద్యోగం వెతికినా హోదా, వారానికి ఎన్ని గంటలు, జీతం, చేసిన పనులు వివరంగా కంపెనీ లెటర్‌హెడ్ మీద కావాలి. చేసిన పనుల పేరా మీరే టైప్ చేసి ఇవ్వండి: నెలవారీ ముగింపు, జీఎస్టీ, టీడీఎస్ రిటర్న్‌లు, నలభై మంది జీతాల లెక్క, ఆడిట్ షెడ్యూళ్లు. చేయనివి కలపకండి.

ఈ కాగితం సెప్టెంబరు 15కల్లా సంతకానికి పెట్టండి. 3బి, ఆడిట్ హడావిడి మొదలైతే ఎండీ గారికి తీరిక దొరకదు. ఈ ఏడాది జీతం టీడీఎస్ సర్టిఫికెట్, అంటే మనం ఫారం 16 అనేది, ఆర్థిక సంవత్సరం ముగిశాకే వస్తుంది. దాన్ని పంపడానికి మీ సొంత మెయిల్ ఐడీ హెచ్‌ఆర్ దగ్గర రాయించండి. ఆఫీసు మెయిల్ 22 సాయంత్రమే ఆగిపోతుంది.